స్పీడ్ 94 వస్తోంది, మాట మాత్రం తెగుతోంది

ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకునేవాళ్లకి ఈ సంభాషణ కొత్త కాదు. మీటింగ్ మధ్యలో అవతలివాళ్లు "మీ వాయిస్ కట్ అవుతోందండీ" అంటారు. మీటింగ్ అయ్యాక కేబుల్ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే ఆయన "ఒకసారి స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి సార్" అంటాడు. పెట్టి చూస్తే 94 ఎంబీపీఎస్. "స్పీడ్ వస్తోంది కదా సార్, మా లైన్ బాగానే ఉంది. మీ ల్యాప్‌టాప్ చూపించుకోండి" అని ఫోన్ పెట్టేస్తాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని రిపేరు షాపుకి వెళ్తే అక్కడతను పది నిమిషాలు చూసి "ఇందులో ఏమీ లేదండీ, మీ నెట్ ప్రాబ్లం" అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరూ కాల్‌కి సంబంధం లేని పరీక్ష చూసి తీర్పు చెబుతున్నారు.

నిజానికి తప్పు ఎక్కడుందో తేల్చడానికి ఇంజినీరు రానక్కర్లేదు. విండోస్‌లో ఎప్పటి నుంచో ఉన్న పింగ్ కమాండ్, కాల్ యాప్‌లోనే దాక్కుని ఉన్న ఒక లెక్కల పేజీ, ఒక లాన్ కేబుల్ ఉంటే చాలు. అయితే ఆ పరీక్షలు కాల్ జరుగుతున్నప్పుడే పెట్టాలి, వరసగా పెట్టాలి. కాల్ అయిపోయాక తీరిగ్గా పెట్టే పరీక్షలో లోపం చాలాసార్లు కనిపించదు.

స్పీడ్ టెస్ట్ ఎక్కడి వరకు పనికొస్తుంది

ఇంటర్నెట్ కాల్‌లో మాట ఒకే ధారగా పోదు. యాప్ దాన్ని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క ఒక్కో ప్యాకెట్. అంటే సెకనుకి 50 ప్యాకెట్లు వెళ్తాయి. ఇన్ని పంపినా మాటకి అయ్యే ఖర్చు దాదాపు 100 కేబీపీఎస్ లోపే, 94 ఎంబీపీఎస్ లైన్‌లో సుమారు వెయ్యో వంతు. వీడియో కలిపినా లెక్క పెద్దగా పెరగదు. ఇద్దరు మాట్లాడుకునే 720పీ హెచ్‌డీ కాల్‌కి రెండు వైపులా 1.2 ఎంబీపీఎస్ చొప్పున చాలని జూమ్ సంస్థే చెబుతుంది.

కాబట్టి స్పీడ్ టెస్ట్ జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒక్కటే: కాల్‌కి కావాల్సిన ఆ నాలుగైదు ఎంబీపీఎస్ రెండు దిక్కులా ఉందా, లేదా? డౌన్‌లోడ్ చూసి అక్కడే ఆగిపోకూడదు. మన మాట, మన ముఖం బయటికి వెళ్లేది అప్‌లోడ్ మీద. డౌన్‌లోడ్ 40 ఉండి అప్‌లోడ్ ఒకటి దగ్గర ఊగిసలాడుతుంటే కేసు అక్కడే తేలిపోయినట్టు. రెండూ పదికి పైన ఉంటే మాత్రం స్పీడ్‌ని ఇక మర్చిపోవచ్చు. 100 ప్లాన్‌ని 300 ప్లాన్‌కి మార్చినా ఆ మాట అలాగే తెగుతుంది. ఈ ఒక్క విషయం తెలియక నెలనెలా ఎక్కువ డబ్బు కట్టే ఇళ్లు చాలానే ఉన్నాయి.

మరి స్పీడ్ అంత బాగున్నప్పుడు మాట ఎందుకు తెగుతుంది? స్పీడ్ టెస్టులు సాధారణంగా ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి, టీసీపీ అనే పద్ధతిలో డేటా లాగుతాయి. ఆ పద్ధతిలో దారిలో ఒక ప్యాకెట్ పోతే పంపినవాడు మళ్లీ పంపుతాడు. చివరికి అన్నీ చేరతాయి, సగటు లెక్క ఘనంగా కనిపిస్తుంది. సినిమా చూసేటప్పుడూ ఇంతే. యాప్ కొన్ని సెకన్ల వీడియో ముందే తెచ్చి పెట్టుకుంటుంది కాబట్టి, మధ్యలో పోయినవి తిరిగి తెచ్చుకోవడానికి దానికి తీరిక ఉంటుంది. కాల్‌కి ఆ తీరిక లేదు. మాట సాధారణంగా యూడీపీ పద్ధతిలో వెళ్తుంది. పోయిన ముక్క అర సెకను తర్వాత దొరికినా దాన్ని ఎక్కడ అతికించాలి? ఆ వాక్యం అప్పటికే అయిపోయింది. అందుకే అదే లైన్ మీద యూట్యూబ్ నున్నగా నడుస్తూ కాల్ ముక్కలు ముక్కలు కావడం పూర్తిగా సాధ్యం.

ఆలస్యం, ఊగిసలాట, నష్టం

కాల్‌ని నిర్ణయించే అంకెలు వేరే ఉన్నాయి. మొదటిది లేటెన్సీ, అంటే ప్యాకెట్ చేరడానికి పట్టే సమయం. మన నోటి నుంచి అవతలి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంఘం ఎప్పుడో ఒక ప్రమాణం పెట్టింది. 400 దాటితే పనికిరాదంది. ఇది ఒకవైపు లెక్క. పింగ్ చూపించేది వెళ్లి రావడానికి పట్టే సమయం కాబట్టి, అందులో కనిపించే అంకె సుమారు రెట్టింపు. ఆలస్యం ఎక్కువైతే మాట తెగదు. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఆగి, "మీరు చెప్పండి" "లేదు లేదు, మీరే చెప్పండి" అనుకోవాల్సి వస్తుంది.

రెండోది జిట్టర్. ఒక ప్యాకెట్ 20 మిల్లీసెకన్లలో, దాని వెనకది 25లో, ఆ తర్వాతది 140లో వచ్చాయనుకుందాం. సగటు తీస్తే అంకె గొప్పగానే ఉంటుంది. కానీ 140లో వచ్చింది ఆలస్యంగా వచ్చింది. అవతలి యాప్ ఇలాంటి తేడాల్ని సర్దడానికి వచ్చిన ప్యాకెట్లని కొద్దిసేపు ఆపి, వరసలో పెట్టి వినిపిస్తుంది. ఆపే వ్యవధి కొన్ని పదుల మిల్లీసెకన్లే. అంతకంటే ఆలస్యమైనది చేరినా చేరనట్టే, పారేస్తుంది. అంటే జిట్టర్ చివరికి నష్టంగానే వినిపిస్తుంది.

మూడోది ప్యాకెట్ లాస్. రెండు శాతం నష్టం అంటే వినడానికి చిన్నదే. సెకనుకి 50 ప్యాకెట్లలో రెండు శాతం అంటే సెకనుకి ఒకటి. నష్టం రెండు శాతం దాటకూడదని, జిట్టర్ 40 మిల్లీసెకన్లు దాటకూడదని జూమ్ తన సహాయ పేజీల్లో సూచిస్తుంది. అయితే ఇక్కడ శాతం కంటే ముఖ్యమైనది ఒకటుంది. సెకనుకి ఒక్కటి చొప్పున విడివిడిగా పోతే చెవికి తెలియకపోవచ్చు. పక్క ముక్కల్ని బట్టి యాప్ ఆ 20 మిల్లీసెకన్ల ఖాళీని ఊహించి పూడ్చేస్తుంది. అదే నష్టం ఒక్కచోట కుప్పపడి, నిమిషం పాటు ఏమీ పోకుండా ఆ తర్వాత ఒకేసారి అరవై ప్యాకెట్లు పోతే సెకనుకి పైగా మాట మాయమవుతుంది. "రేపు సాయంత్రం ఐదుకి డిప్లాయ్ చేద్దాం" అన్నదాంట్లో "ఐదుకి" ఎగిరిపోతుంది. శాతం రెండు చోట్లా ఒకటే. అందుకే పరీక్షలో చివరి సగటు ఒక్కటే చూసి ఊరుకోకుండా, వరసలు కదులుతున్నప్పుడు కళ్లతో చూడాలి.

రెండు కిటికీల పరీక్ష

పింగ్‌ని 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేసిన మైక్ ముస్ రాశారు. జలాంతర్గాముల్ని పసిగట్టే సోనార్ శబ్దం పేరే దానికి పెట్టారు. ఒక చిన్న ప్యాకెట్ పంపి, అది తిరిగి రావడానికి ఎంత సమయం పట్టిందో చెప్పడమే దాని పని. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా తప్పు ఎక్కడుందో వెతకడానికి ఇంతకంటే తేలికైన పనిముట్టు లేదు. కాకపోతే ఎవరిని పింగ్ చేస్తున్నామన్నది తెలియాలి.

ల్యాప్‌టాప్ నుంచి అవతలి మనిషి దాకా ఉన్న దారిని రెండు భాగాలుగా చూడాలి. మొదటిది ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లో రూటర్ దాకా. రెండోది రూటర్ నుంచి బయటి ప్రపంచం దాకా. మొదటి భాగం మన బాధ్యత, రెండోది కనెక్షన్ ఇచ్చినవాళ్లది. రెండింటినీ ఒకే సమయంలో విడివిడిగా కొలవాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `ipconfig` అని కొడితే `Default Gateway` అనే వరస కనిపిస్తుంది. దాని పక్కన ఉన్నదే రూటర్ చిరునామా. చాలా ఇళ్లలో అది 192.168.1.1, కొన్నిచోట్ల వేరేగా ఉంటుంది. తర్వాత రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి ఒకదానిలో ఒకటి, రెండోదానిలో రెండోది నడపాలి:

```
ping -n 300 192.168.1.1
ping -n 300 8.8.8.8
```

మొదటిది రూటర్‌ని పలకరిస్తుంది, రెండోది బయట ఉన్న గూగుల్ సర్వర్‌ని. మ్యాక్‌లో, లినక్స్‌లో `-n` బదులు `-c` రాయాలి. సెకనుకి ఒకటి చొప్పున 300 అంటే ఐదు నిమిషాలు.

ఐదు నిమిషాలు ఎందుకన్న ప్రశ్న సహజం. ఏ అంకె చెప్పకుండా `ping` కొడితే విండోస్ నాలుగే ప్యాకెట్లు పంపి ఆగిపోతుంది. చాలామంది ఆ నాలుగు చూసి "నెట్ బాగుంది" అనేస్తారు. లైన్‌లో నిజంగా 5 శాతం నష్టం ఉందనుకుందాం. కాల్ భరించలేనంత నష్టం అది. అలాంటి లైన్ మీద కూడా నాలుగు ప్యాకెట్లూ క్షేమంగా తిరిగొచ్చే అవకాశం 81 శాతం. అంటే ఐదుసార్లు చూస్తే నాలుగుసార్లు ఆ పరీక్ష లేని ఆరోగ్యాన్ని చూపిస్తుంది. వంద పంపితే ఒక్కటీ పోకుండా ఉండే అవకాశం ఒక శాతం కూడా ఉండదు. నష్టం ఒక్క శాతమే ఉంటే వంద కూడా చాలదు, మూడుసార్లలో ఒకసారికి పైగా అది తప్పించుకుంటుంది. 300 పంపితే తప్పించుకునే అవకాశం 5 శాతానికి పడిపోతుంది. అందుకే 300.

ఇప్పుడు కాల్ మొదలుపెట్టి, ఆ రెండు కిటికీల మీద ఓ కన్నేసి ఉంచాలి. మాట తెగిన క్షణంలో అంకెలు ఎలా ఉన్నాయన్నదే సాక్ష్యం. రూటర్ కిటికీలో అంకెలు ఎగిరిపడితే, లేదా `Request timed out.` కనిపిస్తే తప్పు ఇంట్లోనే ఉంది, ముఖ్యంగా వైఫైలో. అలాంటప్పుడు బయటి కిటికీ కూడా పాడుగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ప్యాకెట్లూ అదే వైఫై మీదుగా పోవాలి. రూటర్ కిటికీ నిలకడగా 1, 2 మిల్లీసెకన్ల దగ్గరుండి బయటి కిటికీ ఒక్కటే తడబడితే తప్పు రూటర్ అవతల. రెండూ నిలకడగా ఉన్నా మాట తెగుతోందంటే అనుమానం కంప్యూటర్ మీదికి మళ్లాలి, లేదా అవతలి మనిషి మీదికి.

అవతలి మనిషి సంగతి తేల్చడానికి కమాండ్లు అక్కర్లేదు. మీటింగ్‌లో అందరి గొంతూ తెగుతోందా, ఒక్కరిదేనా? ఒక్కరిదే అయితే లోపం వాళ్ల దగ్గర. మనకి అందరూ బాగా వినిపిస్తూ, మన గొంతు అందరికీ తెగుతోందంటే లోపం మన దగ్గర నుంచి బయటికి వెళ్లే దారిలో ఉంది: మైకు, ప్రాసెసర్, వైఫై, అప్‌లోడ్.

ఒక ఇల్లు, రెండు లోపాలు

ఉదాహరణకి భీమవరంలో మేడ మీద గదిలో కూర్చుని అమెరికా టీమ్‌తో పనిచేసే ఒక ఉద్యోగిని తీసుకుందాం. కింద హాల్లో రూటర్, 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 91. ఆమెకి అందరూ స్పష్టంగా వినిపిస్తున్నారు. ఆమె మాట మాత్రం అవతల రోబో మాట్లాడినట్టుందని టీమ్ ఫిర్యాదు.

మధ్యాహ్నం కాల్ లేనప్పుడు పింగ్ చేస్తే రూటర్ దగ్గర 3 మిల్లీసెకన్లు, బయట 22. నష్టం సున్నా. ఇక్కడ ఆగిపోతే ల్యాప్‌టాప్ షాపుకి ప్రయాణం ఖాయం. సాయంత్రం ఏడున్నరకి, కాల్ నడుస్తుండగా, రూటర్ కిటికీలో వరసలు ఇలా వస్తాయి: 3, 4, 180, 5, 412, ఆ తర్వాత `Request timed out.`, మళ్లీ 6. ఐదు నిమిషాల చివర 300లో 21 పోయినట్టు లెక్క, అంటే 7 శాతం. బయటి కిటికీలోనూ అవే క్షణాల్లో అవే ఎగుడుదిగుళ్లు. కేబుల్ ఆపరేటర్‌కి ఇందులో పాత్రే లేదు. ప్యాకెట్లు ఇల్లు దాటకముందే పోతున్నాయి.

వైఫై ఎందుకు సాయంత్రమే పాడైంది? దానికి మరో కమాండ్ జవాబు చెబుతుంది:

```
netsh wlan show interfaces
```

అందులో `Signal` దగ్గర 38 శాతం, `Channel` దగ్గర 6 అని ఉన్నాయి. ఆ ఛానల్ అంకె 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ది. ఆ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి తగులుకోని ఛానళ్లు 1, 6, 11 అని మూడే. అపార్ట్‌మెంట్లలో, దగ్గరదగ్గరగా కట్టిన ఇళ్లలో పక్కింటి రూటర్లన్నీ ఆ మూడింటిలోనే సర్దుకోవాలి. మధ్యాహ్నం పక్కవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు, సాయంత్రం ఇంటికొచ్చి టీవీలో సినిమా పెట్టుకుంటారు. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఈ బ్యాండ్‌లోనే ఉంటాయి. మేడ మీదికి స్లాబు దాటుకుని వచ్చే బలహీనమైన సిగ్నల్ ఈ గోలలో నిలబడలేదు. రూటర్, ల్యాప్‌టాప్ రెండూ 5 గిగాహెర్ట్జ్‌ని అందుకోగలవైతే దానికి మారడం ఒక దారి. కానీ దాని దూరం తక్కువ, స్లాబులు దాటడంలో అది ఇంకా నీరసం. పరీక్షకి మాత్రం నికార్సైన పద్ధతి ఒక్కటే: కింద నుంచి పొడవాటి లాన్ కేబుల్ లాగి ల్యాప్‌టాప్‌కి పెట్టి, వైఫై ఆపేసి, మళ్లీ 300 పంపడం. ఇప్పుడు రూటర్ కిటికీలో ప్రతి వరసా ఒక మిల్లీసెకను లోపు, నష్టం సున్నా. బయట 21, 22.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మర్నాడు కాల్‌లో మాట మళ్లీ తెగింది. ఈసారి తీరు వేరు. రోబో గొంతు లేదు. మాట వెనకబడి వస్తోంది, ఆమె వీడియో బిగుసుకుపోతోంది, ల్యాప్‌టాప్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతోంది. రెండు కిటికీల్లోనూ అంకెలు తొణకలేదు. చాలామంది ఇక్కడే తికమకపడి "నెట్‌ది చెప్పలేం, ఒక్కోసారి అంతే" అని వదిలేస్తారు. నిజానికి పరీక్ష స్పష్టంగా చెప్పింది: నెట్‌వర్క్ నిర్దోషి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ 98 శాతం. కాల్ యాప్ వెనక దృశ్యాన్ని మసకబార్చే పనిలో ఉంది, అదే సమయానికి యాంటీవైరస్ మొత్తం డిస్కుని స్కాన్ చేస్తోంది. `Performance` పేజీలో `Speed` అనే అంకె, మామూలుగా రెండు గిగాహెర్ట్జ్ పైన ఉండేది, ఒకటి కిందకి పడిపోయింది. వేడెక్కిన ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంది. మాటని ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒకసారి కోసి, కుదించి పంపాల్సిన యాప్‌కి సమయానికి వంతు రావడం లేదు. ప్యాకెట్ దారిలో పోలేదు, అసలు వేళకి తయారే కాలేదు. దీన్ని ఏ స్పీడ్ టెస్టూ, ఏ పింగూ పట్టుకోలేవు. మసక ఆపి, స్కాన్‌ని రాత్రికి మార్చి, ల్యాప్‌టాప్‌ని పరుపు మీద నుంచి తీసి బల్ల మీద పెట్టాక సీపీయూ 45 దగ్గర కుదురుకుంది, మాటా కుదురుకుంది.

ఒకే ఇంట్లో రెండు లోపాలు ఉండటం విచిత్రమేమీ కాదు. ఒకదాన్ని సరిచేసి రెండోసారి కొలవకపోవడం వల్లే చాలామంది మొదటి మరమ్మతుని అనుమానిస్తారు.

యాప్ దగ్గరే ఉన్న సాక్ష్యం

కాల్ యాప్ తన ప్యాకెట్లని తానే లెక్కపెట్టుకుంటుంది. జూమ్‌లో `Settings`లోకి వెళ్లి `Statistics` తెరిస్తే మొదటి పేజీలో సీపీయూ వాడకం, `Audio` పేజీలో లేటెన్సీ, జిట్టర్, ప్యాకెట్ లాస్ కనిపిస్తాయి. అవి `Send`, `Receive` అని రెండు వరుసలుగా ఉంటాయి. పంపే వైపు నష్టం ఉండి అందుకునే వైపు శుభ్రంగా ఉంటే "మీ వాయిస్ కట్ అవుతోంది, మాది మీకు బాగుంది" అన్న ఫిర్యాదుకి అంకెల రూపం దొరికినట్టే. గూగుల్ మీట్‌లో మూడు చుక్కల మెనూలో `Troubleshooting & help` ఉంటుంది. అది నెట్‌వర్క్ నిలకడని, కంప్యూటర్ మీద భారాన్ని విడివిడిగా గీతలుగా చూపిస్తుంది. సామాన్యుడికి ఇదే అన్నిటికంటే సులువు.

క్రోమ్ బ్రౌజర్‌లో కాల్ మాట్లాడేవాళ్లకి ఇంకో అడుగు ముందుకేసే దారి ఉంది. కాల్ జరుగుతుండగా మరో ట్యాబ్‌లో `chrome://webrtc-internals` తెరిచి, బయటికి పంపే వీడియో లెక్కల్లో `qualityLimitationReason` అనే వరస వెతకాలి. వీడియో నాణ్యతని యాప్ ఎందుకు తగ్గించిందో అది చెబుతుంది. `bandwidth` అని ఉంటే నెట్‌వర్క్, `cpu` అని ఉంటే కంప్యూటర్, `none` అని ఉంటే ఏ ఆటంకమూ లేదు. ఆపరేటర్‌కీ రిపేరు షాపుకీ మధ్య జరిగే వాదనని ఒక్క మాటలో తేల్చే వరస అది. అంత పెద్ద పేజీలో అంత లోపల ఉండిపోవడం అన్యాయమనిపిస్తుంది.

మైకు మాటకొస్తే ఇంకా తేలికైన పరీక్ష ఉంది. నెట్ ఆపేసి, ల్యాప్‌టాప్‌లోని రికార్డర్‌లో అర నిమిషం మాట్లాడి వినాలి. అందులోనే గరగర ఉంటే నెట్‌ని నిందించి లాభం లేదు. బ్లూటూత్ హెడ్‌సెట్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాటలు వినేటప్పుడు అద్భుతంగా ఉన్న హెడ్‌సెట్ మైకు మొదలుకాగానే వేరే పద్ధతికి మారుతుంది, అప్పుడు ధ్వని నాణ్యత తగ్గి పాత టెలిఫోన్‌లా వినిపిస్తుంది. అది లోపం కాదు, ఆ పద్ధతి పరిమితి. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

తప్పు రూటర్ అవతల ఉన్నప్పుడు

లాన్ కేబుల్ పెట్టాక కూడా బయటి కిటికీ తడబడుతోంటే మొదట అడగాల్సింది: ఆ సమయంలో ఇంట్లో ఎవరైనా ఏదైనా అప్‌లోడ్ చేస్తున్నారా? పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి ఎక్కుతున్న ఒక్క ఫోను చాలు. రూటర్ పంపగలిగిన దానికంటే ఎక్కువ ప్యాకెట్లు వచ్చిపడితే అవి లోపల వరుసలో నిలబడతాయి. మాట ప్యాకెట్ కూడా ఆ వరుస చివర చేరి తన వంతు కోసం ఆగాలి, పెద్ద సినిమా విడుదల రోజు టికెట్ కౌంటర్ దగ్గరలా. దీన్ని ఇంజినీర్లు బఫర్‌బ్లోట్ అంటారు. పట్టుకోవడం సులువే. fast.com తెరిచి `Show more info` నొక్కితే లేటెన్సీ రెండు అంకెలుగా కనిపిస్తుంది: `Unloaded` అంటే లైన్ ఖాళీగా ఉన్నప్పుడు, `Loaded` అంటే నిండినప్పుడు. మొదటిది 15, రెండోది 40 ఉంటే భయం లేదు. 15 కాస్తా 400 అయిందంటే ఇంట్లో ఎవరు అప్‌లోడ్ మొదలుపెట్టినా కాల్ దెబ్బతింటుంది. కాల్ సమయంలో ఆ అప్‌లోడ్ ఆపడం, లేదా రూటర్‌లో ఆ సదుపాయం ఉంటే ఆ ఫోను వాటాకి హద్దు పెట్టడం దీనికి మందు.

ఎవరూ ఏమీ అప్‌లోడ్ చేయకపోయినా నష్టం ఉంటే అది నిజంగా లైన్ సమస్య. ఏ వేళలో ఉందో చూస్తే రకం తెలుస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి కూడా ప్యాకెట్లు పోతుంటే తీగలోనో, జాయింట్‌లోనో లోపం. ఫైబర్ ఎక్కడో బాగా వంగినా, స్తంభం దగ్గర జాయింట్ సరిగ్గా అతకకపోయినా ఇంటి పెట్టెకి చేరే వెలుతురు తగ్గుతుంది. ఆపరేటర్లు "పవర్ తక్కువగా ఉంది" అనేది దీన్నే. ఇళ్లకిచ్చే సాధారణ జీపాన్ పెట్టెలకి అది మైనస్ 27 డీబీఎం దగ్గరికి దిగిందంటే అంచున ఉన్నట్టు. అలాకాక రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా మాత్రమే నష్టం ఉంటే తీగ బాగానే ఉంది, ఆ వీధిలో అందరూ వాడుకునే సామర్థ్యం చాలడం లేదు. మొదటిదానికి లైన్‌మన్ నిచ్చెన వేసుకుని రావాలి. రెండోదానికి ఆయన వచ్చినా చేయగలిగింది ఏమీ లేదు, పైవాళ్లు సామర్థ్యం పెంచాలి.

`tracert` కొట్టి దారిలో మధ్య మజిలీల దగ్గర చుక్కలు చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఉండే పెద్ద రూటర్లు తమ మీదుగా పోయే ప్యాకెట్లని పంపడానికి మొదటి ప్రాధాన్యం ఇచ్చి, తమని పలకరించే వాటికి ఆలస్యంగా జవాబిస్తాయి, లేదా అసలు ఇవ్వవు. ఒక మజిలీలో కనిపించిన నష్టం ఆ తర్వాతి మజిలీలన్నిటిలో చివరి దాకా కొనసాగితేనే అది నిజమైన నష్టం.

ఆఫీసు వీపీఎన్ పెట్టుకున్నవాళ్లు దాన్ని ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి పరీక్షించాలి. కొన్ని సంస్థల్లో కాల్‌తో సహా అంతా అమెరికాలోని సర్వర్ మీదుగా తిరిగి వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న ఇద్దరు మాట్లాడుకున్నా మాట సముద్రాలు దాటి వెనక్కి రావాలి. గాజు తీగలో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లే పోగలదు. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి తిన్నగా కొలిచినా పద్నాలుగు వేల కిలోమీటర్ల పైమాటే కాబట్టి, వెళ్లి రావడానికి కనీసం 140 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్లు తిన్నగా పోవు కనుక మామూలుగా అది 200 దాటుతుంది. డల్లాస్‌లో ఉన్న కూతురితో మాట్లాడే తల్లిదండ్రులకి ఈ ఆలస్యం తప్పదు, దానికి ఎవరూ బాధ్యులు కారు. నష్టం సున్నా అయితే ఆ కాల్ ఆరోగ్యంగానే ఉన్నట్టు.

ఫిర్యాదు చేసేటప్పుడు "నెట్ సరిగ్గా రావడం లేదు" అని చెప్పకండి. లాన్ కేబుల్ మీద ఏ తేదీన, ఎన్ని గంటలకి కొలిచారో రాసి, రూటర్ దగ్గర నష్టం సున్నా, బయట ఇంత శాతం అని చూపే రెండు కిటికీల ఫొటో పంపండి. ఆ ఫొటో ముందు "స్పీడ్ వస్తోంది కదా సార్" అన్న జవాబు నిలవదు.